మూడుసార్లు ఒకే అక్షరం

ఇది మొదలైంది ఒక మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు. చిక్కడపల్లిలో మా వంటింట్లో పులుసుకు చింతపండు పిసుకుతున్నాను. ఫోన్ మోగింది. చేయి కడుక్కొని ఎత్తేసరికి ఎవరో అమ్మాయి.

"అమ్మమ్మా, మీరు ఎనకట థియేటర్లకు స్లైడ్లు రాసేటోళ్లంట గదా? మేము చిన్న కార్టూన్ పిక్చర్ తీసినం. ఎనిమిది నిమిషాలు. టైటిల్ చేత్తో రాసేటోళ్లు కావాలె."

నా నంబరు ఎవరిచ్చారని అడిగాను.

"మీ చెల్లె అంట. ఆంటీని ముందే అడిగిన. మీరిద్దరు ఒక్కటే టేబుల్ మీద పని చేసినరంట గదా. చెరొక శాంపిల్ తెండి అమ్మమ్మా, పిక్చర్‌కి ఏది నప్పితే అది పెట్టుకుంటం."

ఆమె నాకు చెల్లెలు కాదు. నారాయణగూడలో మేం పనిచేసిన ప్రెస్సులో నాకంటే తొమ్మిదేళ్లు వెనక చేరింది. ఇంటర్వెల్లో వేసే గాజు స్లైడ్ల మీద, పెళ్లి కార్డుల మీద, క్యాలెండర్ల మీద అక్షరాలు రాయడమే మా పని. తలకట్టు ఎంత వెడల్పుండాలో, వత్తుకు కింద ఎంత చోటు వదలాలో ఆమెకు నేర్పింది నేను. పెళ్లి కార్డులు నాకు వచ్చేవి, చీరల దుకాణాల ధరల పట్టీలు ఆమెకు వెళ్లేవి. కారణం ఒక్కటే, ఆమె గీత నిలకడగా ఉండేది కాదు. ఒక 'క' రాసి పక్కనే ఇంకో 'క' రాస్తే రెండూ అక్కాచెల్లెళ్లలా ఉండేవి, కవలల్లా కాదు. నావి కవలలు. అలాంటిది ఆమెను ముందు అడిగి, నన్ను తర్వాత అడిగారు. పులుసులో ఆ రోజు ఉప్పు వేశానో లేదో నాకు గుర్తు లేదు.

మర్నాడు పిక్చర్ చూపించారు. నారాయణగూడలో పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణం మీద రెండు గదులు, అదే వాళ్ల స్టూడియో. ఫోన్ చేసిన అమ్మాయే డైరెక్టరు. సిద్ధిపేట వైపు నుంచి గ్రూప్ పరీక్షల కోచింగ్ కోసం అశోక్ నగర్ వచ్చి, హాస్టల్లో నోట్సు అంచుల్లో బొమ్మలు వేస్తూ వేస్తూ పరీక్షలు మానేసిందట. కథ కూడా ఆ హాస్టల్‌దే. పిల్లలు బట్టలారేసే ఇనుపతీగ హ్యాంగర్లను ఒక కాకి ఎత్తుకుపోయి గూడు కడుతుంది. దాని దొంగతనాలకు నవ్వీ నవ్వీ కడుపు నొప్పి పుడుతుంది. చివర్లో వార్డెన్ కర్ర పెట్టి గూడు లాగేస్తాడు. కాకి మళ్లీ ఒక్క తీగతో మొదలుపెడుతుంది. అక్కడ పిక్చర్ అయిపోతుంది. పేరు 'తీగ గూడు'.

బొమ్మలన్నీ గోధుమరంగు కాగితం మీద బొగ్గుతో గీసినట్టున్నాయి. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలుపుతారు, అంటే సెకనుకు పన్నెండు బొమ్మలు. ఒక సంగతి నాకు వింతగా తోచింది. కాకి కదలకుండా కూర్చున్నప్పుడు కూడా దాని గీత సన్నగా వణుకుతూనే ఉంది. అడిగితే అమ్మాయి చెప్పింది.

"ఒక్క బొమ్మనే మూడుసార్లు గీస్తం అమ్మమ్మా. పైన కాగితం పెట్టి, కింద లైటేసి, ఉన్నది ఉన్నట్టు. ఎంత చూసి గీసినా వెంట్రుకవాసి తేడా వస్తది గదా. ఆ మూడింటిని తిప్పి తిప్పి చూపిస్తే గీత ఉడుకుతున్నట్టు ఉంటది. గట్ల లేకుంటే కాకి సచ్చిపోయినట్టు కొడ్తది."

బాగుంది అనుకున్నాను. అది నాకు సంబంధించిన సంగతి అనుకోలేదు.

శనివారం ఇద్దరం శాంపిల్స్ తీసుకెళ్లాం. నేను మూడు రోజులు కూర్చొని నల్ల సిరాతో, కుంచెతో రాశాను. 'గూ' కొమ్ముదీర్ఘాన్ని గూడు అంచులా వంపు తిప్పాను. వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ఆమె చేతిసంచిలోంచి ఫోన్ తీసింది. అశోక్ నగర్‌లో ఇస్త్రీ దుకాణం నుంచి తుప్పుపట్టిన హ్యాంగర్లు తెచ్చుకొని, కటింగ్ ప్లేయరుతో వంచి అక్షరాలు చేసిందట. గోధుమ కాగితం మీద పరచి, తీగను కొంచెం జరిపి ఒక ఫొటో, ఇంకొంచెం జరిపి ఇంకో ఫొటో. వరుసగా చూపిస్తే ఎక్కడినుంచో ఒక తీగ వచ్చి పడుతుంది, వంగుతుంది, 'తీ' అవుతుంది. చివరి 'డు' కొమ్ము మాత్రం రాదు. ఒక్క క్షణం 'తీగ గూడ' అని నిలిచిపోతుంది. అప్పుడు ఆ కొమ్ము పైనుంచి టప్పున పడుతుంది.

అమ్మాయి చప్పట్లు కొట్టింది.

"గీతలు కలవలేదు," అన్నాను. "గ తలకట్టు పక్కకు ఒరిగింది."

"కాకి వంచితే గట్లనే ఉంటది గదా అమ్మమ్మా! పిక్చర్ ఇంకా షురూ కాకముందే కాకి దొంగతనం చేసేసింది. ఇగ ఇదే."

ఆమె నావైపు చూసి, "అక్కది కూడ మస్తుంది బిడ్డా. పెళ్లి కార్డు లెక్క," అంది.

మెచ్చుకున్నట్టే అంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. మొదటి టైటిల్ ఆమెకు పోయింది. చివర్లో వచ్చే పేర్లు నాకు ఇచ్చారు.

మిగిలిందే ఇచ్చారని నాకు తెలుసు. అయినా దాన్నే అందరూ గుర్తుపెట్టుకునేలా చేయాలని పట్టుబట్టాను. ఆలోచించే చేశాను. మొదట్లో నవ్వు ఉంది కాబట్టి తీగల ఆట చెల్లింది. చివర గూడు పోయింది, అక్కడ ఆట పనికిరాదు. ఖాళీ కొమ్మను అలాగే ఉంచి, గూడు ఉన్న చోట, తెర పైన కుడివైపు, బొగ్గు గీతతో పేర్లు. అమ్మాయి వాటిని కింది నుంచి పైకి జరుపుదామంది. వద్దన్నాను. గూడు ఊడిపోయాక తెర మీద ఇంకేదీ పైకి ఎక్కకూడదు. పేర్లు వచ్చి నిలబడాలి, పోవాలి. ఒక్కో కార్డు రెండుసార్లు చదువుకునేంత సేపు, నాలుగు సెకన్లు. పద్నాలుగు కార్డులు రాశాను. తీరా చూస్తే చివరి షాట్ తర్వాత సంగీతం మిగిలింది నలభై సెకన్లు. పద్నాలుగు పదయ్యాయి. నాకోసం విడిగా రాసుకున్న కార్డు ఆ నాలుగింటిలోనే పోయింది. 'అక్షరాలు' అనే మాట కింద ఒక చిన్న వరుస మిగిలింది.

పిక్చర్‌కి అతికించి చూశాం. కాకి వణుకుతూ తీగ ఎత్తింది, కొమ్మ వణుకుతూ నిలిచింది, నా అక్షరాలు వచ్చాయి. గోడకు అంటించిన నోటీసులా ఉన్నాయి. నాకే అనిపించింది, ఆ అమ్మాయి నోరు తెరవకముందే.

"పిక్చర్ ఊపిరి తీస్కుంటది అమ్మమ్మా, పేర్లు తీస్కుంటలేవు. మీవి కూడ మూడుసార్లు రాయాలె."

రాశాను. చిల్లుల కాగితం మేకులకు తగిలించి, కింద లైటు వేసి, మొదటి కార్డు మూడుసార్లు. కాగితం జరగకుండా ఆ మేకులే పట్టుకుంటాయి. స్కాన్ చేసి తిప్పి చూపించారు. కదలలేదు. అమ్మాయి ఒకే కాగితం మూడుసార్లు ఎక్కిందేమోనని విడివిడిగా తెరిచి చూసింది. మూడూ వేరువేరు కాగితాలే.

టైటిల్ రంగు సరిచూడటానికి వచ్చిన ఆమె నా వెనక నిలబడి ఉంది.

"గిదేంది అక్కా, జిరాక్స్ తీసినవా?"

ఇద్దరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వితే ఏమీ అనిపించలేదు.

ఎడమచేత్తో రాసి చూశాను. అక్షరాలు తాగినవాళ్లలా ఊగిపోయాయి. తొందర తొందరగా రాసి చూశాను. మూడూ ఒకేలా తొందరగా ఉన్నాయి. అమ్మాయి కంప్యూటర్‌లో ఏదో నొక్కి అక్షరాలను వణికించింది. అన్నీ ఒక్కసారే, ఒకే లెక్కన, జెల్లీలా కదిలాయి. తనే వద్దని తీసేసింది.

"జర జరుగు అక్కా," అని ఆమె నా కుర్చీలో కూర్చుంది. నా మొదటి కాగితం మీద కొత్త కాగితం పెట్టి దిద్దింది. ఇంకోటి పెట్టి దిద్దింది. నాది ఒకటి, ఆమెవి రెండు. మూడూ కలిపి తిప్పారు.

పేర్లు ఊపిరి తీసుకున్నాయి.

భూతద్దం అడిగి తీసుకొని ఆ కాగితాలు చూశాను. ఒకచోట వెంట్రుకంత లోపలికి, ఒకచోట అంతే బయటికి. ఎక్కడ తప్పుతుందో ఆమెకే తెలియదు, అందుకే రెండుసార్లు ఒకేచోట తప్పదు. ఇరవై ఏళ్లపాటు నేను ఎర్రసిరాతో చుట్టి చూపించిన తప్పు అదే. నేను ఎంత కూర్చున్నా అది నాకు రాదు. నేర్పమని ఆమెను అడగడానికి కూడా లేదు, తను చేస్తున్నానని ఆమెకు తెలిస్తే కదా.

"పెద్ద అక్షరాలకు సరిపోయింది," అన్నాను అమ్మాయితో. "చిన్న పేర్లకు ఇదే వణుకు ఎక్కువైపోతుంది, చదవలేరు. ఒక్కోదాన్ని రెండు కాదు, నాలుగు ఫ్రేములు నిలుపు."

నిలిపి చూసింది. చదవడానికి వచ్చింది.

"అక్కకు తెల్వనిదేముంది," అంది ఆమె, తల ఎత్తకుండా.

పదో కార్డు దగ్గర నాకూ అమ్మాయికీ మాట తేడా వచ్చింది. 'అక్షరాలు' కింద ఇప్పుడు రెండు పేర్లు పెట్టాలట. పెద్దదాన్ని కాబట్టి నాది ముందుండాలన్నాను. మిగతా అందరి పేర్లూ అకారాదిగా పెట్టారు. ఆమె పేరు 'అ'తో మొదలవుతుంది, నాది 'వ'తో.

"మీ ఒక్కరికే మారిస్తే మావోళ్లు ఊకుంటరా అమ్మమ్మా? బ్యాక్‌గ్రౌండ్లు వేసినోడు ఇప్పటికే మొత్తుకుంటుండు."

"పోనీ బిడ్డా, అక్క పేరు ముందు పెట్టు. నాకేం లేదు," అంది ఆమె.

ఆ దానం నేను పుచ్చుకోలేను. వద్దన్నాను. ఆమె పేరు పైన, నా పేరు కింద నేనే రాశాను. 'అ' నాకు ఎప్పటికన్నా బాగా కుదిరింది. తర్వాత ఆమె రెండింటినీ రెండుసార్లు దిద్దింది.

హిమాయత్‌నగర్‌లో ఒక చిన్న హాల్లో ప్రదర్శన. 'డు' కొమ్ము టప్పున పడగానే జనం గట్టిగా నవ్వారు. చివర్లో లేచి పోలేదు, కార్డులు అయ్యేదాకా కూర్చున్నారు. నా ముందు వరుసలో ఒకాయన పక్కనున్నామెతో, "పేర్లు కూడ ఆ కాకే రాసినట్టుంది," అన్నాడు. ఆ మాట మా ఇద్దరిలో ఎవరికి చెందుతుందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. పదో కార్డు రాగానే ఆమె నా మోచేయి పొడిచింది.

"చూసినవా అక్కా, నా పేరు ఎట్ల కదులుతుందో?"

"నా పేరూ కదులుతోంది," అన్నాను.

"కదుల్తది మరి. దిద్దింది నేనే గదా."

కార్డుకున్న నాలుగు సెకన్లూ అయిపోయాయి. తెర నల్లబడింది.

పోయినవి ఇవి. మొదటి టైటిల్ ఒకటి. చివరి కార్డులు నాలుగు, అందులో నాది ఒకటి. పేర్ల వరుసలో ఒక మెట్టు. పది కార్డుల ముప్పై కాగితాల్లో ఆమె దిద్దిన ఇరవై.