కవరు తీసిన కుర్చీ

సికింద్రాబాద్‌లో నాకు పాత ఫర్నిచర్ దుకాణం ఉండేది. కెమెరా ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్నాయి. ఒకరోజు బావ, అంటే మా అక్క భర్త, ఫోన్‌లో ఒక కుర్చీ ఫోటో చూపించాడు.

"ఇదెవరు చేసిందో చెప్పు అమ్మాయ్. ఒక ఫ్రెండ్ ఇంట్లో చూశాను. అమ్మడట. ఇలాంటిదే చవగ్గా దొరికితే నా ఆఫీసు గదిలో వేసుకుంటాను."

వెనక గోడ తప్ప చుట్టూ ఏమీ కనపడని ఫోటో. కొనదేలిన కమానుల వీపు, చేతుల చివర చెక్కిన ఆకులు. ఇంగ్లీషు దొరల కాలంలో చర్చిలకూ స్కూళ్లకూ చేసిన ధోరణి అని తెలుస్తూనే ఉంది. కానీ ధోరణిని బట్టి చేసినవాడి పేరు చెప్పేస్తే నా దుకాణం ఎప్పుడో మూతపడేది. సీటు అడుగున, వెనక పట్టీ లోపలివైపు, కీళ్ల దగ్గర ఫోటోలు తెమ్మన్నాను. మర్నాడే తెచ్చాడు. వెనక పట్టీ మీద సగం అరిగిన ముద్ర. ఆ ముద్రే ఒక హెడ్‌మాస్టర్ గది కుర్చీల మీద అంతకుముందు చూశాను. మద్రాసు పని. కీళ్లలో మేకులు లేవు, చెక్క చీలలే. సీటు చట్రానికి చుట్టూ వరసగా చిల్లులు పెట్టి, పేము ఒక్కో పోగూ చేత్తో అల్లారు.

"అసలుది కొనాలంటే మీ వల్ల కాదు బావగారూ," అన్నాను. చెప్పానే గాని, గర్వంతో నా మొహం వెలిగిపోయి ఉంటుంది. నా పని గురించి మా ఇంట్లో ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

సీతాఫల్‌మండిలో ఒక స్కూలు మూసేసి సామాను అమ్ముతుంటే వెళ్లాను. అలాంటి కమాను వీపు కుర్చీ ఒకటి దొరికింది. ముద్ర లేదు, సీటు చిరిగింది. నా దగ్గర పనిచేసే వడ్రంగి తిరగేసి చూశాడు.

"గిది మద్రాసుది కాదక్కా. ఈడనే ఎవరో నకలు కొట్టిండ్రు. మేకులు చూడుండ్రి. చేతుల మీద ఆకులు సుత లెవ్వు. చెక్కిస్త. సీటుకు చేతి అల్లిక వద్దు, పైసలు శానా అయితయి. రెడీమేడ్ పేము జాలి పెట్టి గాడిలో పట్టీ కొడదాం."

సరేనన్నాను. ఫోటోలోని పాత పాలిష్ రంగు వచ్చేలా కలిపించాను. బావ వచ్చి చూసి, "నువ్వు గొప్ప ఘటానివి," అన్నాడు. నేను ఆ మాటకే పొంగిపోయాను. వెర్రిదాన్ని.

మా చర్చిలో ప్రభువు బల్ల వెనక పాస్టరు అయ్యగారి కుర్చీ ఒకటి ఉండేది. నేను పుట్టినప్పటి నుంచీ దానికి మఖమలు కవరే చూశాను. స్త్రీల సమాజం కుట్టిన కవరు, పండక్కి మారేది. తీసి ఉతికి వేసే వంతు ఎప్పుడూ మా అక్కదే. చర్చి కమిటీలో బావ ఉన్నాడు కాబట్టి తాళాలూ వాళ్లింట్లోనే ఉండేవి. ఆ డిసెంబరులో అక్క జ్వరంతో పడుకుంది. క్రిస్మస్ ముందు దుమ్ము దులిపే రోజు ఆ పని నాకు పడింది.

కవరు తీశాను. కొనదేలిన కమానులు. చట్రానికి చిల్లులు లేవు, గాడిలో కొట్టిన పట్టీ ఉంది. నేను చేయించిన కుర్చీయే. అంటే ఫోటోలోది మా చర్చిదే. పక్కన చీపుర్లు పట్టుకున్న ఆడవాళ్లు ఏదో అడుగుతున్నారు. నాకు ఒక్క మాటా చెవికెక్కలేదు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి బావని నిలదీశాను. కంగారు పడలేదు సరికదా, నవ్వాడు.

"బేగంపేటలో ఒక హోటల్ వాళ్లు ముచ్చటపడ్డారు. మంచి రేటుకి ఇచ్చేశాను. నకిలీది తెచ్చిందెవరు? నువ్వు. పాలిష్ కలిపించిందెవరు? నువ్వు. చెప్పుకో, ఎవరు నమ్ముతారో."

ఆ మనిషి నన్నే ఎందుకు అడిగాడో అప్పుడు తెలిసింది. నా పనితనం మీద గౌరవంతో కాదు. నేను నోరు మూసుకుంటానని.

లోపల గదిలో అక్క దుప్పటి కప్పుకుని ఉంది. మా మాటలన్నీ విన్నది.

"అక్కా, నీకు ముందే తెలుసా?"

అటు గోడకేసి తిరిగింది. "పెద్దది చేయకే. పైన కవరు ఉంటుంది కదా," అంది.

బావ చేసింది మోసం. దాన్ని తిట్టుకోగలను. అక్క మాటకి మాత్రం నాలో ఏదో తెగిపోయింది. చిన్నప్పుడు నా తప్పులు దాచి నా బదులు దెబ్బలు తిన్న అక్క అది. ఇప్పుడు నా పేరు పోయినా ఆయన తప్పు దాచమంటోంది.

ఆటో ఎక్కి అయ్యగారింటికి వెళ్లాను. ఆయనే తలుపు తీశారు. లోపలికి రమ్మన్నా వెళ్లలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"చర్చిలో మీరు కూర్చునే కుర్చీ అసలుది కాదండీ. తెచ్చింది నేనే," అన్నాను ముందుగా. బావ పేరు తర్వాత చెప్పాను. అక్కకి ముందే తెలుసని మాత్రం, ఇంట్లో ఇంకెవరికి తెలుసని ఆయన రెండుసార్లు అడిగినా చెప్పలేకపోయాను.