పన్నెండుమందికి ముందు పెట్టిన మాట

సిద్దిపేట బజారులో కాశీనాథం అంటే మెత్తని మనిషని పేరు. ఆ పేరు అతనికి పటాలం నుంచి తిరిగొచ్చాకే వచ్చింది. అంతకుముందు అన్న విశ్వేశ్వర్‌తో పొద్దస్తమానం కీచులాటే. ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చినవాడికి బట్టల దుకాణంలో గజం బద్ద పట్టుకోవడం నామోషీ కదా! నలభై రెండులో సికింద్రాబాదు పోయి, పటాలంలో గుమాస్తాగా చేరాడు.

“రాసేదుంటే గీ దుకాణంల రాయరాదుర, గా తుపాకుల నడుమ నీకేం పని?” అన్నది తల్లి కౌసల్యమ్మ. కొడుకు వినలేదు.

మూడేళ్లు బర్మా బురద తొక్కించి, యుద్ధం అయిపోయిందని అందరూ అనుకున్నాక అతన్ని సైగాన్‌లో దించారు. అది వియత్నాం దేశం. జపాను వాళ్ల తుపాకులు గుంజుకోవడానికని బ్రిటిషువాళ్లు మన పటాలాలను తోలుకుపోయారు. అక్కడి జనం మాత్రం ఫ్రెంచివాళ్లు మళ్లీ రావొద్దని వీధుల్లో కొట్లాడుతున్నారు. ఎవరి ఇల్లో ఎవరు కాపలానో తెలియని రోజులు. కాశీనాథానికి పటాలపు దవాఖానలో పని దొరికింది. అందులో ఊరి ఆడవాళ్లు పన్నెండుమంది నీళ్లు కాచేవారు, గాయాల పట్టీలు ఉతికి ఉడకబెట్టేవారు. వాళ్లకు పెద్ద బా నమ్. బా అంటే పెద్దామె. నమ్ అంటే అయిదు. అక్కడ పిల్లలను పుట్టిన వరుస అంకెతోనే పిలుస్తారు.

అదే దవాఖానలో ధూళిమిట్ట మల్లేశం పడి ఉన్నాడు. తొడలోంచి తూటా దూసుకుపోయింది. దేశం కాని దేశంలో సొంత యాసలో మాట్లాడే మనిషి దొరికితే ఎట్లా ఉంటుంది! కాశీనాథం పూటపూటకూ పోయి అతని మంచం దగ్గర కూర్చునేవాడు. డాక్టరు చెప్పింది ఒక్కటే మాట: రోజుకు రెండుసార్లు ఉడికిన పట్టీ మారితే ఈ మనిషి బతుకుతాడు, లేకుంటే లేదు.

“మా అవ్వకు పోస్టు కారటు రాయి పటేలా, కాలు మంచిగనే ఉన్నదని రాయి,” అనేవాడు మల్లేశం.

ఒకరోజు కెప్టెన్ దొర ఒక జాబితా ఇచ్చాడు. వార్డులో ఏమేమున్నాయో, ఎందరున్నారో ఊరివాళ్ల భాషలో రాసి గోడకు అంటించాలి. ఇంగ్లీషులో అది రెండు నిమిషాల పని. బకెట్లు ఇరవై, కుర్చీలు ఆరు, కత్తులు నాలుగు, కోళ్లు తొమ్మిది, ఆడవాళ్లు పన్నెండు. పేరు, పక్కన అంకె, అంతే. కానీ ఆ భాషలో అంకెకూ పేరుకూ నడుమ ఇంకో మాట పడాలి. ఆ వచ్చేది ఎటువంటిదో ముందే చెప్పే మాట అది. మనం కుర్చీలు రెండంటాం, మనుషులు ఇద్దరంటాం, అక్కడికి మన బాధ్యత తీరిపోతుంది. వాళ్లకు ఆరు కుర్చీలనాలంటే ‘ఆరు కాయ్ కుర్చీ’ అనాలి. పుస్తకానికి ఒకటి, కాగితానికి ఒకటి, బండికి ఇంకొకటి. ఇంగ్లీషు జాబితాలో ఆ జాగా ఖాళీ. తర్జుమా చేసేవాడే నింపుకోవాలి.

కాశీనాథం తెలివి గలవాడే, వచ్చిన చిక్కంతా అక్కడే. ప్రాణం లేని వస్తువుకు ‘కాయ్’ అని, జంతువుకు ‘కొన్’ అని రెండు నెలల్లో చెవిన వేసుకున్నాడు. బకెట్లకూ కుర్చీలకూ కాయ్ పెట్టాడు. కోళ్లకు కొన్ పెట్టాడు. కత్తికి మాత్రం వంటవాడు ‘కొన్’ అనడం విన్నాడు. అది నిజమే, వాళ్లు కత్తికి కొన్ అనే అంటారు. సరే, కొన్ ఒక్క జంతువులకే కాదన్నమాట, కదిలేవాటికీ పనిచేసేవాటికీ అన్నిటికీ, మనుషులకూ చెల్లుతుందన్నమాట అని లెక్క వేసుకున్నాడు. ఎవరినన్నా అడిగితే ఏం పోయేది? అడగలేదు. ‘పన్నెండు కొన్ ఆడవాళ్లు’ అని గుండ్రని అక్షరాలతో రాసి గోడకు అంటించాడు.

మర్నాడు ఒక్కరూ రాలేదు. పొయ్యిలు చల్లారి ఉన్నాయి. ఊళ్లో సమ్మె అనుకున్నారు. ఆ మర్నాడూ రాలేదు. ఉన్న ఇద్దరు ఆర్డర్లీలు కొత్తగా వచ్చిన దెబ్బలవాళ్లతోనే సతమతమయ్యారు. మల్లేశం పట్టీ వాసన కొట్టసాగింది. సాయంత్రానికి ఒళ్లు కాలిపోతోంది.

కాశీనాథం ఇక ఆగలేకపోయాడు. దారి అడుక్కుంటూ బా నమ్ ఇంటికి పోయాడు. ఆమె కేకలు వేయలేదు. అతన్ని గుమ్మంలోనే నిలబెట్టి కోడిని చూపింది. “కొన్,” అన్నాడు. కత్తిని చూపింది. “కొన్.” పీటను చూపింది. “కాయ్.” అప్పుడు తన రొమ్ము మీద చెయ్యి వేసుకుని అతని మొహంలోకి చూసింది.

గోడ మీద తాను రాసింది అప్పుడు గుర్తొచ్చింది అతనికి.

“ఙూయ్,” అన్నది ఆమె. మనిషికి పెట్టే మాట అది. చిన్నప్పుడు బడిలో ‘ఙ’ దిద్ది దిద్ది, ఇది ఎందుకు పనికొస్తుందని పంతులును అడిగి దెబ్బలు తిన్నవాడు కాశీనాథం. ఇప్పుడు ఆమె వెనకాలే ఆ అక్షరాన్ని పలికాడు.

తల్లి బిడ్డను కొన్ అని పిలుచుకుంటుంది, అది ముద్దు. పరాయి ఆడదానికి ముందు ఆ మాట పెడితే దాన్ని పశువును చేసి మాట్లాడినట్టు. తనకు వచ్చిన మాటల్లోనూ చేతుల్లోనూ ఆమె అతనికి చెప్పింది ఇది.

“నీ దొర రాసిండా?” అని అడిగింది చివరికి.

దొర రాశాడంటే గండం గడిచిపోయేది. “దొర రాయలే, దొర కాయితంల గా జాగ ఖాళీగుండె. రాసింది నేనే,” అన్నాడు కాశీనాథం, సగం వాళ్ల మాటల్లో, సగం తెలుగులో. సిగ్గుతో చచ్చిపోయాడు. ఆమెకు ఎంత అర్థమైందో గానీ, కోడిని గంప కింద మూసి లోపలికి పోయింది.

అదే రాత్రి పాత కాగితం చింపేసి, వస్తువుల జాబితా ఒకటి, మనుషుల జాబితా ఒకటి విడివిడిగా రాశాడు. పైన ‘పన్నెండు ఙూయ్’. కింద పెద్దవాళ్ల పేర్ల ముందు బా, పడుచుల పేర్ల ముందు కో. తెల్లవారి పన్నెండుమందీ వచ్చారు. బా నమ్ నేరుగా మల్లేశం మంచం దగ్గరికే పోయి పట్టీ విప్పింది. వాసనకు ముక్కు కూడా తిప్పుకోలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. నాలుగో రోజు మల్లేశం పోయాడు. గాయం లోపల ముందే చెడి ఉండొచ్చు, ఆ రెండు రోజుల వల్లేనని చెప్పలేమన్నాడు డాక్టరు. కాశీనాథం ఆ ‘ఉండొచ్చు’ను పట్టుకుని బతకాలని చూశాడు. పట్టు దొరకలేదు.

నలభై ఆరు ఎండాకాలంలో ఇల్లు చేరాడు. ఎవరూ చెప్పకుండానే గజం బద్ద అందుకున్నాడు. నెల తిరక్కముందే ధూళిమిట్ట నుంచి లచ్చవ్వ వచ్చింది. మల్లేశం తల్లి. పన్నెండు కోసులు నడిచి వచ్చి దుకాణం అరుగు మీద కూర్చుంది. కౌసల్యమ్మ మంచినీళ్లిచ్చింది. ఆమె తాగలేదు.

“నువ్వు ఆడనే ఉన్నవట గద బిడ్డ. ఆఖరికి వాని కాడ ఎవలున్నరు?”

“ఒకామె ఉండె అవ్వా. పెద్దామె. నోట్ల నీళ్లు పోసింది, చెయ్యి పట్టుకున్నది.”

“మన మనిషి కాదాయె. వాన్ని మనిషి లెక్క సూసిందా?”

“సూసింది.”

లచ్చవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అంతటితో ఆమెకు ఊరట దొరికింది, లేచి పోబోయింది. కాశీనాథం ఊరుకుంటే అయిపోయేది. ఊరుకోలేదు.

“కూసో అవ్వా. ఆమె అంతకుముందు రెండు దినాలు రాలేదు. ఎందుకు రాలేదో చెప్త. తప్పు నాది.”

అంతా చెప్పాడు. కోడి, కత్తి, గోడ మీది కాగితం, ఏదీ దాచలేదు. లచ్చవ్వకు ఆ భాషా తెలియదు, ఆ ఊరూ తెలియదు. అయినా మధ్యలో ఒక్క ప్రశ్న అడగలేదు. అయ్యాక చెంబెడు నీళ్లూ తాగి, చెంబు బోర్లించి లేచింది.

“నన్ను గట్లంటే నేను గూడ వచ్చేదాన్ని కాదు బిడ్డ,” అని ధూళిమిట్ట తొవ్వ పట్టింది.