గోడ అవతలి కూత

రంపపు మిల్లు మేస్త్రీ పక్కవాటా టీచరమ్మ మీద నోటితో గెలిచిన పూట, అతని పెద్దక్క గుమ్మంలోనే నిలబడి చూసింది.

"మీ పాత ఫ్రిజ్ కుయ్యిమని నా బుర్ర తినేస్తోంది. బేరింగ్ పోయిన మిషన్‌ని చప్పుడుతోనే పట్టేసేవాణ్ణి, నాకా చెప్పేది!" అన్నాడు మేస్త్రీ, గోడకు చెవి ఆనించి.

"దాని మామూలు గుర్రు తప్ప ఏ కూతా మా ఇంట్లో ఎవరికీ వినపడట్లేదండీ!"

"వినపడాలంటే చెవులుండాలి!"

టీచరమ్మ విసిగిపోయి ఫ్రిజ్‌ను ఆ గోడ దగ్గర్నుంచి తన వాటా ఆ చివరికి లాగించేసింది. నోరున్నవాడిదే రాజ్యమని పెద్దక్క మురిసిపోయింది.

కానీ కూత ఆగలేదు. గోడ గడియారం తీసేశారు, కిటికీలు బిగించారు, చివరికి మేస్త్రీ చెవుల్లో దూది కుక్కుకున్నాడు. ఇల్లు సద్దుమణిగేకొద్దీ కూత పెరిగింది.

"అక్కా, ఇప్పుడు నడినెత్తిలో కూస్తోందే! మిల్లులో ఉన్నంతసేపూ జాడే ఉండదు. ఈ ఇంటికేదో పట్టింది."

పెద్దక్క నాలుగు గోడలకూ చెవి పెట్టి చూసింది. "నాకు నీ సణుగుడు తప్ప ఇంకేం వినపడట్లేదురా!"

నిద్ర కరువైంది. ఒకనాడు మిల్లులో కునుకు పట్టి, చెక్కతోపాటు మేస్త్రీ చెయ్యి కూడా రంపం అంచుదాకా వెళ్ళింది. వేళ్ళు దక్కడమే గొప్ప. ఆ మాట విన్న పెద్దక్క అతణ్ణి చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ చెవుల్లోకి లైటు వేసి చూసి, చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష చేసింది. మేస్త్రీ తెల్లమొహంతో బయటికొచ్చాడు.

"అక్కా, అది ఇక్కడికీ వచ్చిందే! ఇంట్లోకంటే గట్టిగా!"

"అది నీతోనే తిరుగుతోంది బాబూ," అంది డాక్టరమ్మ. "గులిమి అడ్డుపడ్డా, వయసు మీదపడ్డా, కొన్ని మందులు వాడినా చెవి ఇలా మోగుతుంది. నీకు మాత్రం ఏళ్ళ తరబడి రంపం మోత చెవి లోపలి సన్నటి కణాల్ని తినేసింది. చెవి నుంచి అందాల్సింది అందక, మెదడు తనే కూత పుట్టించుకుంటోంది. బయట చప్పుడుంటే అందులో కలిసిపోతుంది. నిశ్శబ్దంలో దాన్ని కప్పేదేముంది? అదే పెద్దగా వినపడుతుంది."

"మరి దూది?"

"ఇంట్లో తీసెయ్. చెవులకు మూతలు మిల్లులో పెట్టుకో. పడుకునేటప్పుడు ఏదో ఒక చిన్న చప్పుడు ఉండనీ. కూత పూర్తిగా పోతుందని చెప్పలేను. మెల్లగా అలవాటైతే, దాని మీదికి ధ్యాస పోదు."

దారి పొడుగునా మేస్త్రీ తల గోక్కుంటూనే ఉన్నాడు. "మోతలో మూసుకోవాలట, నిశ్శబ్దంలో తెరుచుకోవాలట! లోకం తలకిందులైందా అక్కా?"

"చదువుకున్నావిడ చెప్పింది. నాకేం తెలుసు? నీ వేళ్ళు నీకుంటే చాలు."

గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. పక్కవాటా తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఈ చలిలో ఫ్యాను ఎలాగూ వెయ్యలేం. నువ్వెళ్ళి ఆ ఫ్రిజ్ మళ్ళీ మన గోడకే పెట్టమని టీచరమ్మని అడగవే. నేనడగమన్నానని మాత్రం చెప్పకే అక్కా."