మధ్యలో ఖాళీ లేని ఇంటర్వ్యూలు

మా తాతయ్య కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసులో గుమాస్తా. ఉద్యోగాలిచ్చే కంపెనీలు వచ్చినప్పుడు ఏ విద్యార్థి ఏ గదిలోకి ఎప్పుడు వెళ్లాలో ఆయనే నిర్ణయిస్తాడు. ఈసారి ఒక ఇంటర్వ్యూకీ ఇంకోదానికీ మధ్య ఊపిరి పీల్చుకునే సందు కూడా ఇవ్వలేదు. ఖాళీ ఇస్తే ఇంటర్వ్యూ చేసే పెద్దమనుషులు కబుర్లలో పడతారని ఆయన భయం. ఇవ్వకపోయినా పడ్డారు.

మొదటి గదిలో సారు ప్రతి ఒక్కరి ఇంటర్వ్యూనీ సాగదీశాడు. అక్కడ ఇరుక్కున్న ఒక అమ్మాయిని రెండో గదిలోని ఇంకో కంపెనీ మేడమ్ పిలిచి పిలిచి, రాలేదని పేరు కొట్టేసింది.

అమ్మాయి బయటికొచ్చి ఏడుపు మొహం పెట్టింది. "లోపల ఏం బాగా చెప్పలేదు అంకుల్. ఇదీ పోతే నాకు ఇంకేం లేదు."

తాతయ్య రెండో గది తలుపు తట్టాడు.

"ఆ పిల్ల పక్క గదిలో ఉండిపోయిందండీ."

"రెండూ ఒకే టైముకిచ్చారా?"

"లేదండీ, వెంటవెంటనే ఇచ్చాను. తప్పు నాదే."

మేడమ్ కాస్త మెత్తబడింది. "సరే, అందరి తర్వాత పంపండి. మా బండి టైములోపే అయిపోవాలి మరి."

ఇక తాతయ్య ఆ తలుపు దగ్గరే నిలబడి, ఒక్కొక్కరి టైము అయిపోగానే గట్టిగా దగ్గాడు. చివరికి అమ్మాయి వంతు వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఆయనకు గొంతునొప్పి వచ్చింది.

"ఇంట్లో ఒక్క తప్పయినా ఒప్పుకున్నారా ఇన్నేళ్లలో?" అంటూ నానమ్మ వేడినీళ్లిచ్చింది.

ఇప్పుడు ప్రతి ముగ్గురి తర్వాతా ఒక స్లాటు ఖాళీగా ఉంచుతున్నాడు. ఆ ఖాళీలో తానే లోపలికెళ్లి కంపెనీవాళ్లకు ఈ కథంతా చెబుతుంటే, బయట విద్యార్థులు దగ్గుతున్నారట.