వారానికొక మాత్ర

మా మెడికల్ కాలేజీలో మందుల పాఠాలు చెప్పే ఫార్మకాలజీ మేడమ్‌ని పిల్లలు చాటుగా సున్నా మేడమ్ అనేవాళ్ళు. మందు మోతాదు పాయింట్ ఐదు అని రాసి ముందు సున్నా పెట్టకపోతే మార్కులు కోసేది. ఐదు తర్వాత పాయింట్ సున్నా పెట్టినా కోసేది, చుక్క కనపడకపోతే ఐదు కాస్తా యాభై అవుతుందని. నేను పక్క గదిలో పాఠం చెప్పేదాన్ని కాబట్టి తిట్లన్నీ గోడ ఇవతలికి వినిపించేవి.

"రోగి పేరు, వయసు, తేదీ, మందు, మోతాదు, ఎలా ఇవ్వాలి, ఎన్నిసార్లు, ఎన్నాళ్ళు, మొత్తం ఎన్ని, కింద నీ సంతకం. ఇందులో ఏది మింగేసినా రోగి ప్రాణం మీదికొస్తుంది!" అని అరిచేది. మరీ చాదస్తమని నేనూ నవ్వుకునేదాన్ని.

మేడమ్‌కి ఉన్నది ఒక్క అక్క. అమ్మ పోయాక తల్లయి పెంచింది ఆవిడే. వేళ్ళ కీళ్ళు వాచి జడ కూడా వేసుకోలేకపోతోందని మా ఆసుపత్రికి రప్పించింది. చూసిన కుర్ర డాక్టరు మేడమ్ శిష్యుడే, క్లాసులో ఫస్టు.

"వాడు రాస్తే నేను రాసినట్టేలే అక్కా," అని చీటీ కూడా చూడకుండా ఊరికి బస్సెక్కించింది.

ఆ రోజు ఓపీలో ఇసకేస్తే రాలనంత జనం. కుర్రాడు మెథోట్రెక్సేట్ రాశాడు. కీళ్ళవాతానికి సరైన మందే, మోతాదూ సరైనదే. కాకపోతే అది వారానికొక్కసారే వేసుకోవాలి. వారానికొకసారి, ఫలానా రోజున అని పూర్తిగా రాయాల్సిన చోట "ఓ డబ్ల్యూ" అని గిలికాడు, వన్స్ వీక్లీ అని వాడి ఉద్దేశం. అలాంటి పొట్టిరాత ఎవరూ ఒప్పుకున్నది కాదు. ఊళ్ళో మందుల షాపతను దాన్ని అందరూ వాడే "ఓ డి" అనుకున్నాడు, అంటే రోజుకొకటి. నెలకు మొత్తం నాలుగు మాత్రలని రాసి ఉంటే ఆగి అడిగేవాడేమో. ఆ చోటు ఖాళీగా వదిలేశాడు మా కుర్ర మహానుభావుడు. షాపతను ముప్పై ఇచ్చాడు.

అక్క బుద్ధిగా రోజూ వేసుకుంది. నోరంతా పుళ్ళు పడితే వేడి చేసిందనుకుంది. జ్వరంతో మా వార్డుకు తెచ్చేసరికి రక్తకణాలు అడుగంటిపోయాయి.

మాత్రల అట్టలు చూడగానే మేడమ్‌కి అర్థమైంది. కబురందుకుని వచ్చిన కుర్రాడు గోడకానుకుని ఏడుస్తున్నాడు. వాడి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

"ఏడుపు తర్వాత. ముందు విరుగుడు రాయి," అంది మేడమ్.

"నావల్ల కాదు మేడమ్. మీరే రాయండి."

"నావల్లా కాదు. పేషెంటు నీది. రాయి."

రాశాడు. మేడమ్ వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది. అక్క పేరు, వయసు, తేదీ. లూకోవొరిన్ పదిహేను మిల్లీగ్రాములు, నరంలోకి, ఆరు గంటలకొకసారి, మూడు రోజులు, మొత్తం పన్నెండు డోసులు. సంతకం, కింద రిజిస్ట్రేషన్ నంబరు.

"సరిగ్గా రాశావు బాబూ," అంది.

తిట్టినా బాగుండేది.

నర్సు రెండో డోసు తెచ్చేసరికి అక్క పోయింది.