పదిహేను మినిములు, పదిహేను చుక్కలు

1938లో మార్కాపురం వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో నేను నర్సు శిక్షణలో ఉన్నాను. మెటీరియా మెడికా, అంటే మందుల గుణాలు, మోతాదుల పరీక్ష తప్పాను. రెండోసారి కూడా తప్పితే ఇంటికి పంపించేస్తారు.

గుండె బలహీనపడి కాళ్లు వాచినవాళ్లకు టింక్చర్ డిజిటాలిస్ ఇచ్చేవాళ్లం. టింక్చర్ అంటే సారాయిలో తీసిన మందు. దాన్ని పదిహేను మినిములు ఎలా కొలుస్తారని ప్రశ్న. మినిము ద్రవాల కొలతల్లో అతి చిన్నది, సుమారు ఒక నీటి చుక్కంత. నేను పదిహేను చుక్కలని రాశాను. కొలతల ప్రశ్నలన్నిటికీ జవాబులు చుక్కల్లోనే రాశాను. వార్డులో మాకు నేర్పింది అదే మరి. గీతలున్న మినిమ్ గ్లాసు పగులుతుందని వార్డు పెద్ద నర్సు సిస్టరమ్మ బీరువాలో పెట్టి తాళం వేసేది. నేర్పినదే రాస్తే తప్పించారని నాకు ఒళ్లు మండిపోయింది.

నాయన వచ్చి, "పోదాం పా తల్లీ, ఈ చదువు మనకొద్దులే" అన్నాడు.

"మల్లా రాస్తా నాయనా. నాకు నేర్పినదే రాసినా. అది తప్పెట్ల అయిందో చూడకుండా రాను" అన్నాను.

నేరుగా సిస్టరమ్మ దగ్గరికి వెళ్లి గ్లాసు అడిగాను.

"పగిలితే ఎవరు తెస్తారే?"

"పరీక్షలో అడిగేది దాన్నే గదమ్మా. ముట్టుకోకుండా ఎట్ల నేర్చుకునేది?"

గొణుక్కుంటూ తాళం తీసింది. టింక్చర్‌ను చుక్క చుక్కగా గ్లాసులో పోశాను. పదిహేను చుక్కలకు మందు పదిహేనో గీతలో సగానికి కూడా రాలేదు. సారాయి చుక్క నీటి చుక్క కంటే చాలా చిన్నది. పదిహేను మినిముల గీత చేరేసరికి ముప్పై చుక్కలు దాటిపోయాయి. పరీక్షకుడు నాకు సున్నా వేయడం న్యాయమేనని అప్పుడు ఒప్పుకున్నాను. కోపం మాత్రం పోలేదు, బీరువా మీదికి మళ్లింది.

వార్డులో పుల్లలచెరువు నుంచి వచ్చిన గొర్రెల కాపరి కొండయ్య తాత ఉన్నాడు. ఆయాసంతో పడుకోలేక గోడకానుకుని కూర్చునేవాడు. "మందు తాగుతానే ఉండా, కాళ్లు తగ్గలే పాపా" అని రోజూ చెప్పేవాడు. ఎలా తగ్గుతుంది, ఆయన లోపలికి పోయింది సగం మోతాదు కూడా కాదు. డాక్టరుగారికి గ్లాసు చూపించాను. ఆయన ముఖం మాడిపోయింది. ఇకనుంచి గ్లాసుతోనే కొలవమని, ఇచ్చే ముందు ప్రతిసారీ నాడి చూడమని, నిమిషానికి అరవై కంటే తగ్గితే మందు ఆపి తనకు చెప్పమని ఆజ్ఞాపించాడు. కొన్నాళ్లకు తాతకు మూత్రం బాగా జారీ అయి, వాపు దిగింది.

రెండోసారి నోటి పరీక్షలో మద్రాసు నుంచి వచ్చిన పరీక్షకుడు అదే మందు సీసా చేతికిచ్చి, "పదిహేను మినిములంటే ఎన్ని చుక్కలు?" అని అడిగాడు.

"చుక్కల్లో చెప్పనండి. గ్లాసు ఇప్పించండి, కొలిచి చూపిస్తాను."

గ్లాసు కంటికి సమంగా పట్టుకుని కొలిచాను. ప్యాసయ్యాను. వార్డుకు తిరిగొచ్చేసరికి గ్లాసు మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయింది. తాళంచెవి అడిగితే సిస్టరమ్మ, "ప్యాసైనావు గదా, ఇంకేంది?" అంది.

"ప్యాసయ్యింది నేనొక్కదాన్నేనమ్మా. వార్డులో మందు తాగేటోళ్లు ఇంకా అట్లనే ఉండారు."