తడకలమ్మిన అమ్మ ఖాతా నంబరు

తుంగభద్రకు వరద వచ్చిన ఏడు నేను గద్వాలలో ఒక సేవా సంస్థ ఆఫీసులో లెక్కల పని చూసేదాన్ని. అలంపూర్ వైపు ఇళ్లు కూలినవాళ్లకు తాత్కాలికంగా పాకలు వేసివ్వాలని మా సంస్థ పూనుకుంది. బొంగులూ తడకలూ కావాలి. మా ఫీల్డు ఆఫీసరు నాలుగు ఊర్లు తిరిగి, అచ్చంపేటలో భర్త పోయాక బొంగుల దుకాణం తానే నడుపుకుంటున్న ఒక అమ్మ దగ్గర ధర కుదుర్చుకుని వచ్చాడు. ఆమె చెప్పిన ధరలన్నీ ఒక కాగితం మీద తనే రాసి, ఆమెకు చదివి వినిపించి ఒప్పించుకుని, కింద ఆమె దుకాణం ఫోన్ నంబరు వేసుకున్నాడు.

మొదటి లారీ వచ్చింది. సరుకు బాగుంది. లారీతో పాటు వచ్చిన నలభై ఏళ్ల మనిషి బిల్లుతో పాటు టైపు చేయించిన ఉత్తరం ఒకటి నా బల్ల మీద పెట్టాడు. తాను ఆ అమ్మకు మరిదినని చెప్పాడు. ఉత్తరంలో ఆమె పేరు, బ్యాంకు పేరు, అచ్చంపేట శాఖ, ఖాతా నంబరు, శాఖ కోడు, ఒక ఫోన్ నంబరు ఉన్నాయి. కింద ఆమె పేరుతో సంతకం.

"పాస్‌బుక్కు కాపీ ఏదన్నా?" అని అడిగాను.

"మళ్ల లారీల పంపిస్తం మేడం. ముందుగాల పైసలేస్తే రెండో లోడు ఎత్తిస్త," అన్నాడు.

కొత్త అమ్మకందారుకు డబ్బు పంపాలంటే ముందు కంప్యూటర్లో వాళ్ల పేరిట ఒక రికార్డు తెరవాలి. ఆఫీసులో దాన్ని వెండర్ రికార్డు అనేవాళ్లం. వివరాలు నేను ఎక్కించాలి, మేనేజరు చూసి ఆమోదించాలి. ఒకసారి ఆమోదం పడితే, ఆ తర్వాత వచ్చే ప్రతి బిల్లూ ఆ ఖాతాకే పోతుంది, మళ్లీ ఎవరూ చూడరు. అప్పట్లో ఆన్‌లైన్ బదిలీలు మాకు కొత్త. మా బ్యాంకు ఆఫీసరు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాడు: డబ్బు ఖాతా నంబరును బట్టి పోతుంది, పేరు కలిసిందో లేదో మిషను చూడదు.

మేనేజరు వనపర్తి మనిషి, మంచివాడే. కానీ ఆ వారం ఆయనకు నిద్ర లేదు. "ఎక్కించెయ్యమ్మా. కాపీ తర్వాత పెట్టుకుందాం. ఆడ జనం ప్లాస్టిక్ పట్టాల కింద పండుకుంటుండ్రు," అన్నాడు.

ఆ మాట నిజం. రెండు రోజుల ముందే నేనూ చూసి వచ్చాను. తడి చాపల మీద పసిపిల్లలు. అందుకే ఎక్కించడానికే కూర్చున్నాను.

శాఖ కోడు కొడుతుంటే చెయ్యి ఆగింది. బ్యాంకువాళ్లు ఇచ్చిన కోడుల పట్టీ నా సొరుగులో ఉండేది. తీసి చూస్తే ఆ కోడు అచ్చంపేటది కాదు, నాగర్‌కర్నూలు శాఖది. టైపు చేసినవాడి పొరపాటేమో అనుకుని ఉత్తరంలో ఉన్న ఫోన్ నంబరుకు చేశాను. ఎత్తింది మరిదే. "అవును మేడం, అన్నీ కరెక్టే," అన్నాడు గడగడా.

ఫోన్ పెట్టేశాక నా తెలివితక్కువతనం నాకే తెలిసింది. ఉత్తరం తెచ్చినవాడిని ఉత్తరం నిజమేనా అని అడిగితే కాదంటాడా?

ఫీల్డు ఆఫీసరు తెచ్చిన ధరల కాగితం ఫైలులోంచి తీశాను, దుకాణం నంబరు కోసం. ఆ నంబరు పక్కనే ఊదారంగు వేలిముద్ర. ఉత్తరంలో గుండ్రటి సంతకం. రెండూ ఒకే మనిషివట. పొద్దుటి నుంచి రెండు కాగితాలూ నా ముందే ఉన్నాయి, నేను చూడలేదు.

దుకాణానికి ఫోన్ చేశాను. ఉత్తరంలో ఉన్న ఖాతా నంబరు నేను చదవలేదు. ఆమె నోటితోనే చెప్పించాలనుకున్నాను.

"అమ్మా, మీకు ఖాతా ఏ ఊర్ల ఉంది?"

"ఈడనే, అచ్చంపేటల. ఎందుకు బిడ్డా?"

"నాగర్‌కర్నూల్ల ఏమన్నా ఉన్నదా?"

"ఆడ నాకేం పని? జాతరకు తప్ప పోనే పోను. ఏందమ్మా, ఏమైంది?"

ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. వివరాలు కలవడం లేదని, పాస్‌బుక్కు చూడాలని మాత్రం చెప్పాను. ఆమె గొంతు మారింది. "నేనేమన్న దొంగనా? సరుకు దిగినంక గిట్ల అడుగుతుండ్రు," అని పెట్టేసింది.

రికార్డు ఆపేశానని చెబితే మేనేజరు మొహం ఎర్రబడింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, కోడుల పట్టీ చూపించాను. చాలాసేపు చూశాడు. "ఆపు," అన్నాడు. అంతే.

మర్నాడు మధ్యాహ్నం ఆమె బస్సులు మారుతూ గద్వాలకు వచ్చింది. సన్నటి మనిషి, అరచేతుల నిండా బొంగుల గీతలు. కుర్చీలో కూర్చోకుండానే సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి పాస్‌బుక్కు తీసి నా ముందు పెట్టింది. ఆమె ఫోటో, దాని మీద బ్యాంకు ముద్ర. నంబరు వేరు.

ఉత్తరం చూపించాను. "ఇది మీ సంతకమేనా అమ్మా?"

"నాకు సంతకమెక్కడిది? ఏలిముద్రనే." కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఎవరు తెచ్చిండ్రు?"

చెప్పాను. అప్పుడు కూర్చుంది. మంచినీళ్లిస్తే తాగలేదు. "మా ఆయన పోయిననాడు పాడె మోసింది వాడే," అంది. పోలీసు కేసు పెడదామా అని మేనేజరు అడిగితే తల అడ్డంగా ఊపింది. "నా ఇంట్ల సంగతి నేను చూసుకుంట సార్. మీ పైసలు పోలే కద."

ఎదురుగా ఉన్నది ఆమే అయినా, మిగతావి మానలేదు. పాస్‌బుక్కు మొదటి పేజీ కాపీ మీద వాళ్ల శాఖ మేనేజరు సంతకం, ముద్ర వేయించి పంపమన్నాను. అది వచ్చాక రికార్డు ఎక్కించి, బిల్లు డబ్బు కాకుండా చిన్న మొత్తం ఒకటి ముందు పంపాను. ఎంతన్నది ఆమెకు చెప్పలేదు. బ్యాంకుకు పోయి పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుని, ఎంత పడిందో ఫోన్లో చెప్పమన్నాను.

ఇదంతా అయ్యేసరికి నాలుగు రోజులు పట్టింది. మూడో రోజు వాన పడింది. పట్టాల కింద పసిపిల్లలే కళ్లల్లో మెదిలారు. ఆ సాయంత్రం ఫీల్డు ఆఫీసరు ఫోన్ చేశాడు, అలంపూర్ నుంచి. "రెండో లోడు దిగింది, పైసలేసినవా?"

వెయ్యలేదన్నాను. మరి ఎలా వచ్చిందని ఆమెకు ఫోన్ చేశాను.

"వానొస్తుంది కద బిడ్డా, పంపిన," అంది. "నువ్వు అడిగినప్పుడు నాకు మస్తు కోపమొచ్చింది. బస్సుల వస్తుంటే గూడ తిట్టుకుంటనే వచ్చిన. అడగకపోతే నా గతేంది?"

మర్నాడు ఆమే ఫోన్ చేసి, "పదకొండు రూపాయలు పడ్డయి. గింతేనా?" అని నవ్వింది. మేనేజరు రికార్డు ఆమోదించాడు. ఆ రోజే బిల్లు మొత్తం ఆమె ఖాతాకు పోయింది.

పాకలన్నీ లేచాక ఒకసారి అచ్చంపేట మీదుగా వెళ్తూ ఆమె దుకాణం దగ్గర ఆగాను. మరిది లారీకి బొంగులు ఎత్తుతున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. నేను ఏమీ అడగకముందే ఆమె అంది: "వానికి గూడ ముగ్గురు పిల్లలు. పని ఇస్తున్న. కాయితం మాత్రం ముట్టనియ్య."

టీ తెప్పించింది. తాగి, బస్సు టైమయిందని లేచాను.